కుడి చెవిలో వినబడిన పేరు

ఆదోనిలో రసూల్ సాబ్ అంటే పరుపులు, బొంతలు కుట్టించుకునే ఇళ్ళకు బాగా తెలుసు. దూదేకే పని ఆయనకు తండ్రి నుంచి వచ్చింది. ఆయన కూతురు హుస్నాకు మాత్రం దూది పడదు. చిన్నప్పుడు తండ్రి పని చేసే వసారాలోకి అడుగు పెడితే చాలు, తుమ్ములు మొదలయ్యేవి. అందుకని ఇంటర్ అయిపోగానే తల్లి జహీరా బీ ఆమెను ఎమ్మిగనూరులో ఒక పెళ్ళి వీడియోల స్టూడియోలో పనికి పెట్టింది. పొద్దున బస్సులో పోవడం, సాయంత్రం బస్సులో రావడం. మధ్యలో పెళ్ళి అయింది. కుదరలేదు. ఏడాది తిరక్కుండానే పుట్టింటికి వచ్చేసి, మళ్ళీ అదే బస్సెక్కింది.

స్టూడియోలో హుస్నా పని కత్తిరింపు. పెళ్ళి వీడియో అంటే తాళి కట్టడం, తలంబ్రాలు మాత్రమే కాదు గదా. అప్పగింతల వేళ తాగి వచ్చిన చిన్నాయన తిట్లు, మాంసం ముక్కలు తక్కువ పడ్డాయని మగపెళ్ళివారి సణుగుడు, మైకు ఆపడం మరిచిపోయిన ఫోటోగ్రాఫరు గొణిగిన మాటలు, అన్నీ అందులో పడతాయి. వాటిని తీసేసి, తీసిన జాడ తెలియకుండా అటూ ఇటూ అతకాలి. సన్నాయి మోత మధ్యలో తెగితే పెళ్ళికూతురి తల్లి వెంటనే పట్టేస్తుంది. హుస్నా అతికిన చోటు మాత్రం ఎవరికీ దొరికేది కాదు. ఆ పనిలో ఆమెకు పదేళ్ళు పైనే గడిచాయి.

అక్కడే ఆమెకు కృప పరిచయమైంది. కృప ఎమ్మిగనూరు మనిషి. ఒక ట్రస్టు తరఫున కూలీ ఆడవాళ్ళ కోసం "పని మాట" అనే కార్యక్రమం నడిపేది. రేడియో కాదు. మగ్గం నేసేవాళ్ళు, మిరపకాయలు కోసేవాళ్ళు, పత్తి నుంచి గింజలు వేరుచేసే జిన్నింగ్ మిల్లుల్లో పని చేసేవాళ్ళు తమ పని గురించి చెప్పిన మాటల్ని రికార్డు చేసి, వారానికొకటి చొప్పున ఫోన్లకు పంపేది. ఆడవాళ్ళు రొట్టెలు కొడుతూ వినేవారు. "మాటలు కత్తిరించే మనిషి కావల్ల మాకు. వస్తావా?" అని కృప అడిగింది. జీతం స్టూడియోకంటే ఎక్కువేం కాదు. ఆఫీసు ఆదోనిలోనే, ఇంటికి నడిచి పోయేంత దూరం. ఆ ఒక్క కారణం చాలనుకుని హుస్నా చేరిపోయింది.

చేరిన రెండో ఏడు ఆదోనిలో ఒక జిన్నింగ్ మిల్లులో ప్రమాదం జరిగింది. లావణ్య అనే అమ్మాయి కొంగు మిషను బెల్టులో చిక్కుకుంది. కొంగుతో పాటు చెయ్యీ పోయింది లోపలికి. ఎముక రెండు చోట్ల విరిగింది. బెల్టుకు అడ్డంగా ఉండాల్సిన ఇనుప జాలీ ఎప్పుడో ఊడిపోయింది, మళ్ళీ ఎవరూ పెట్టలేదు. మిల్లువాళ్ళు మాత్రం ఆ అమ్మాయి ఇంట్లో మెట్ల మీద జారిపడి చెయ్యి విరగ్గొట్టుకుందన్నారు. లావణ్య కార్మిక శాఖకు తన పేరుతోనే ఫిర్యాదు ఇచ్చింది. చూసినవాళ్ళు ఎవరని అడిగితే చెప్పడానికి ఎవరూ రాలేదు. రాకపోవడానికి కారణం అందరికీ తెలుసు. మిల్లు పని పత్తి ఉన్నన్నాళ్ళే. మళ్ళీ పత్తి వచ్చినప్పుడు ఎవరిని పిలవాలి, ఎవరిని పిలవకూడదు అన్నది మేస్త్రీ చేతిలో ఉంటుంది.

చూసిన మనిషి ఒకామె ఉంది. ఈ కథలో ఆమెను తాయమ్మ అంటాను. అసలు పేరు అది కాదు. అసలు పేరులో ఆమె ఊరి దేవర పేరుంది. ఆ పేరు పెట్టుకునేవాళ్ళు ఆ చుట్టుపక్కల రెండు మూడు ఊళ్ళలో తప్ప ఉండరు. విన్నవాళ్ళు ఊరు చెప్పేస్తారు, ఊరు తెలిస్తే మనిషి తెలిసిపోతుంది.

తాయమ్మ ఒక ఆదివారం తనంతట తానే ఆఫీసుకు వచ్చింది. నలభై దాటిన మనిషి. కుర్చీలో కూర్చోకుండా నిలబడే అడిగింది.

"నేను సూసింది సెప్తా. పేరు రాకూడదు. అట్లయితేనే సెప్తా."

"రాదక్కా," అంది కృప. "ఇంకొకటి కూడా విను. మేం తయారు చేసింది ముందు నువ్వే వింటావు. నువ్వు సరే అనేదాంక బయటికి పోదు. వద్దంటే తీసేస్తాం."

"నా గొంతు గుర్తు పట్టరా?"

"గొంతు కొంచెం మారుస్తాం. అయినా నీతో పని చేసేవాళ్ళు పడతారేమో. అది నీకు ముందే సెప్పల్ల గదా."

"నాతో పని చేసేవాళ్ళంటే నాకు భయం లేదు. మేనేజరుకు నా గొంతు యాడ తెలుసు? ఆ మిషన్ల మోతలో ఆయప్ప ముందర ఒకనాడన్నా నోరు తెరిస్తే గదా."

ఇద్దరికీ చెరొక చిన్న మైకు పెట్టి, బల్లకు అటొకరు ఇటొకరు కూర్చుని మాట్లాడారు. హుస్నా పక్కన కూర్చుని వింటూ ఉంది. తాయమ్మ నెమ్మదిగా మొదలుపెట్టింది. పత్తి దుమ్ము గురించి, మధ్యాహ్నం అన్నం తినే చోటు గురించి చెప్పి, చివరికి ఆ రోజు దగ్గరికి వచ్చింది. అక్కడ ఆమె గొంతు మారింది. లావణ్య ఎలా అరిచిందో అలాగే అరిచి చూపించింది. తాయమ్మ పేరు పెట్టి, "బెల్టు ఆపే, బెల్టు ఆపే" అని. అరిచాక తనే చేత్తో నోరు మూసుకుంది.

ఆమె వెళ్ళాక హుస్నా కంప్యూటరు ముందు కూర్చుంది. పేరు ఎక్కడెక్కడ వచ్చిందో మొదటి నుంచి చివరిదాకా విని గుర్తులు పెట్టుకుంది. మేస్త్రీ పిలిచినట్టు ఒకచోట, మాటల్లో మాటగా ఇంకోచోట. కృప కూడా నోరు జారి ఒకసారి పిలిచింది. ఆ ప్రశ్న మొత్తాన్నీ హుస్నా తీసేసింది. మాటల మధ్య వచ్చిన పేర్లను కూడా కోసి, ఆ ఖాళీలో ఆ గది చప్పుడే అతికింది. ఇంటర్వ్యూకు ముందు ఎవరూ మాట్లాడకుండా కాసేపు ఫ్యాను మోతను రికార్డు చేసుకోవడం ఆమెకు అలవాటు. అది ఇలాంటప్పుడు పనికొస్తుంది. వట్టి నిశ్శబ్దం పెడితే చెవికి గుంటలో పడ్డట్టు తెలిసిపోతుంది.

పేరు ఒక్కటే తీస్తే చాలదు కూడా. "నేను పక్క మిషను కాడే ఉంటి" అన్న మాట తీసింది. ఊరి నుంచి వచ్చే ఆటో సంగతి తీసింది. పక్క మిషను దగ్గర ఎవరుంటారో మేనేజరుకు గొంతు వినకపోయినా తెలుసు.

ఆ అరుపు దగ్గర మాత్రం హుస్నా చెయ్యి ఆడలేదు. పేరు కోసి అతికితే అరుపు ముక్కలైపోతోంది. పేరులోని చివరి అక్షరం సాగి సాగి "బెల్టు" అన్న మాటలోకి పోయింది. రెంటినీ విడదీయలేకపోయింది. మొత్తం తీసేస్తే జరిగినదానికి ప్రాణం లేదు. చివరికి పేరున్నంత మేరా గొంతును తీసేసి, అక్కడ "కూ" మని మోగే బీప్ పెట్టింది. అరుపు మొదలు మిగిలింది, చివర మిగిలింది, మధ్యలో బీప్. ఫోను స్పీకరులో పెట్టి రెండు మూడుసార్లు వింది. పేరు ఎక్కడా లేదు. కృపకు పంపింది. ఎమ్మిగనూరులో కార్మిక శాఖ అధికారులు వచ్చే సమావేశం దగ్గర పడింది, అక్కడ వినిపించాలని కృప తొందర.

మరుసటి ఆదివారం తాయమ్మ వినడానికి వచ్చింది. హుస్నా హెడ్‌ఫోన్ చేతికిచ్చింది. తాయమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ఒక్క వైపు మాత్రమే కుడి చెవికి ఆనించుకుంది. రెండోది మెడ మీద వేలాడింది.

"రెండు సెవులకూ పెట్టుకోక్కా."

"ఎడమ సెవి పని సేయదు. మిల్లు మోతకు పోయినాది. దీంతోనే వింటా."

వింటూ వింటూ మధ్యలో ఒకటి రెండుసార్లు తల ఊపింది. అరుపు వచ్చే చోటు దగ్గరపడుతోందని తెర మీద చూసి హుస్నాకు తెలుసు. అది దాటగానే తాయమ్మ ఆగమన్నట్టు చెయ్యెత్తింది. హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టింది.

"నా పేరు ఉంది గదమ్మా."

"లేదక్కా. ఆడ బీప్ పెట్టినా."

"బీపో గీపో నాకు తెలీదు. దూరంగా ఎవురో పిల్చినట్ల నా పేరు వినపడినాది."

హుస్నా హెడ్‌ఫోన్ తీసుకుని, తాయమ్మ లాగే కుడి వైపు మాత్రం పెట్టుకుని వింది. సన్నగా, కానీ స్పష్టంగా, పేరంతా ఉంది. బీప్ లేదు.

సంగతి ఆమెకు అప్పుడు అర్థమైంది. తాయమ్మ మైకు ఎడమ వైపు, కృప మైకు కుడి వైపు రికార్డయ్యాయి. పేరు తీసి బీప్ పెట్టింది ఎడమ వైపు మాత్రమే. కృప మైకు ఊరికే ఉండలేదు. అంత గట్టిగా అరిస్తే బల్లకు అవతలున్న మైకు కూడా ఆ అరుపును పట్టుకుంది. ఫోను స్పీకరులో రెండు వైపులూ కలిసి వినిపిస్తాయి కనుక బీప్ మోత కింద ఆ పేరు అణిగిపోయింది. రెండు చెవులతో వినేవాళ్ళకు కూడా ఎడమ వైపు బీప్ ముందు అది లెక్కలోకి రాదు. ఒక్క కుడి చెవికి మాత్రమే దొరుకుతుంది. ఒంటి చెవికి ఇయర్‌ఫోన్ పెట్టుకుని పాటలు వినేవాళ్ళు ఆదోని బజారులో ఎంతమంది లేరు.

హుస్నా హెడ్‌ఫోన్ తీసేసింది. "తప్పు నాదే అక్కా. ఒక పక్కనే తీసినా. ఇంకో పక్క సూడలేదు."

తాయమ్మ కోప్పడలేదు. అదే హుస్నాకు ఇంకా కష్టమనిపించింది. కొంగు సర్దుకుని లేచి, "ఇంగ వద్దులేమ్మా. తీసేయండి అంతా. నా సెల్లెలు కూడా ఆ మిల్లులోనే సేస్తాది," అంది.

హుస్నా బతిమాలలేదు. "సరే అక్కా. నీ ముందరే తీసేస్తా. కూచో." ముందు కృపకు ఫోను చేసింది. కృప అప్పుడు ఎమ్మిగనూరులో ఉంది. పంపిన ఫైలు ఎవరికీ పంపలేదు గదా అని అడిగింది. పంపలేదంది కృప. తాయమ్మ సరే అనకముందు ఎట్లా పంపుతానంది. అయితే నీ ఫోనులోంచి ఇప్పుడే తీసేయ్, వాట్సాప్‌లోనూ, డౌన్‌లోడ్ల లోనూ రెండు చోట్లా ఉంటుంది, తీసేశాక చెప్పు అంది హుస్నా. ఫోను స్పీకరులో పెట్టింది కాబట్టి తాయమ్మ అంతా విన్నది. కాసేపటికి కృప "తీసేసినా" అంది. తర్వాత "అక్కా, నేనూ వినల్సిండె. వినకనే తొందర పడినా," అంది.

ఆపైన హుస్నా కంప్యూటరులో ఉన్నదాన్ని చూపించి, "ఇది తయారు చేసింది. ఇది నువ్వు మాట్లాడిన అసలుది. రెండూ తీసేస్తానక్కా," అంది. తయారు చేసినదాన్ని తన ఫోనులోంచి, కంప్యూటరులోంచి తీసేసింది. అసలు దాని మీద చెయ్యి పెట్టేసరికి తాయమ్మ ఆపింది.

"ఒకటి అడుగుతా. ఆ కూత ఎందుకు పెట్టినారు ఆడ?"

"పేరు వినపడకుండా."

"టీవీలో బూతు మాటలకు గదా అట్ల కూత పెడతారు. లావణ్య నన్ను పిల్చిందే గాని బూతులు తిట్టలేదు. వినేవాళ్ళు ఏమనుకుంటారు? సెయ్యి ఇరుగుతా ఉంటే ఆ పిల్ల నన్ను లం... అని తిట్టింది అనుకోరా?"

ఆ ఆలోచనే రాలేదు హుస్నాకు. పేరు పోయిందా లేదా అని చూసుకుంది కానీ, దాని బదులు పెట్టింది వినేవాళ్ళ చెవిలో ఏమవుతుందో చూసుకోలేదు.

తాయమ్మ మళ్ళీ కూర్చుంది. ఈసారి కుర్చీలోనే. ఎవరితోనో కాదన్నట్టు, తనలో తను చెప్పుకుంటున్నట్టు మాట్లాడింది.

"ఆ పిల్ల నన్నెప్పుడూ పేరు పెట్టి పిల్సలేదు తెలుసా. వచ్చిన దినం నుంచీ అక్కా అనేదే. నీళ్ళు కావల్లన్నా అక్కా, మూట ఎత్తల్లన్నా అక్కా. ఆ దినం మాత్రం పేరు పెట్టి అరిచినాది. మిల్లులో అక్కలు శానా మంది గదా. నేనే తిరగల్లని."

హుస్నా మెల్లగా అడిగింది.

"అక్కా, ఈ మాట... ఇదే మాట మైకులో సెప్తావా?"

తాయమ్మ ఆమె ముఖంలోకి చూసింది. "పేరు సెప్పకుండానా?"

"సెప్పకుండానే. నువ్వు ఇప్పుడు సెప్పినట్లే."

బయట ఎవరో పత్తి బోరాలు వేసుకుపోతున్న లారీని వెనక్కి తీయమని కేకలేస్తున్నారు. ఆ లారీ పోయాక తాయమ్మ, "ఫ్యాను తిరగనీ. అప్పుడు తిరుగుతాండె గదా. ఆపితే అతుకు తెలుస్తాదేమో," అంది.

ఈసారి ఒక్క మైకే. హుస్నా మొదట ఎవరూ మాట్లాడకుండా కాసేపు ఫ్యాను మోతను రికార్డు చేసుకుంది. తాయమ్మ చెప్పింది. అరిచి చూపించలేదు. అరిచిందని చెప్పింది, అంతే. "ఎప్పుడూ అక్కా అనే పిల్ల ఆపొద్దు నన్ను పేరు పెట్టి అరిచినాది. అందరం ఉరికినాం. మెయిను స్విచ్చి కాడికి పోయి బందు సేసేలోపల సెయ్యి అయిపోయినాది. బెల్టుకు జాలీ లేదు. నేను సూసినా." అంతవరకు చెప్పి ఆపింది.

పాత రికార్డులోంచి అరుపున్న భాగం మొత్తం తీసేసి, రెండు వైపులా తీసేసి, ఆ చోట ఇది పెట్టింది హుస్నా. ముందు కోసిన పేర్లు, ఊరి ఆటో, పక్క మిషను మాటలు కూడా మళ్ళీ రెండు వైపులా తీసేసింది. తర్వాత రెండు వైపులనూ కలిపి ఒకటే చేసింది, ఏ చెవికి పెట్టుకున్నా ఒకటే వినబడేట్టు. గొంతు స్థాయి కొద్దిగా దించింది. ఫైలుకు మొదట తాయమ్మ అసలు పేరే పెట్టి ఉంది, అదీ మార్చింది. కంప్యూటరు విన్న మాటల్ని తనంతట తానే అక్షరాల్లో రాసుకునే చోట పాత పేరు ఎక్కడైనా మిగిలిందేమో అని చదివి చూసింది. అప్పుడు హెడ్‌ఫోన్ తాయమ్మ కుడి చెవికి తనే పెట్టింది.

తాయమ్మ మొత్తం వింది. ముగిశాక, "ఇంగోసారి పెట్టు," అంది. రెండోసారి విని, "పంపండి," అంది. అసలు రికార్డు సంగతి అడిగితే తీసేయమంది. రికార్డరు కార్డులోంచి, కంప్యూటరులోంచి, కంప్యూటరు చెత్తబుట్టలోంచి, ఒక్కొక్కటీ తీస్తూ ఉంటే పక్కనే కూర్చుని చూసింది.

ఎమ్మిగనూరులో సమావేశం చేనేతవాళ్ళ కల్యాణ మండపంలో జరిగింది. అధికారులు వచ్చారు, మిల్లు తరఫున ఒకాయన వచ్చాడు, ఆడవాళ్ళు నేల మీద జంపఖానాల మీద కూర్చున్నారు. లావణ్య చేతికి ఇంకా కట్టు ఉంది. కృప పెద్ద స్పీకరులో వినిపించింది, ఫోన్లకూ పంపింది. తాయమ్మ రాలేదు. హుస్నా వెనక నిలబడి లావణ్యనే చూస్తూ ఉంది. "పేరు పెట్టి అరిచినాది" అన్న చోట ఆ అమ్మాయి తల వంచుకుంది. కట్టు లేని చేత్తో కళ్ళు తుడుచుకుంది. ఎవరి మాటో ఆమెకు తెలుసు. పక్కన కూర్చున్న వాళ్ళు "ఎవురే ఆయమ్మ?" అని అడిగితే, "ఎవురో అక్క," అంది.

మిల్లు తరఫు మనిషి లేచి, పేరు లేని మాటకు విలువేముంది, ఇది ఎవరైనా చెప్పించి ఉండొచ్చు అన్నాడు. అధికారుల్లో ఒకావిడ, "సాక్ష్యంగా తీసుకోవడం లేదు. బెల్టుకు జాలీ ఉందో లేదో మేమే వెళ్ళి చూస్తాం. దానికి పేరు అక్కర్లేదు గదా," అంది.

మరుసటి రోజు పొద్దున్నే, జాలీలు తెచ్చి పెట్టే వ్యవధి లేకుండానే తనిఖీ జరిగింది. జాలీ లేదు. ఒక్క మిషనుకు కాదు, చాలావాటికి లేదు. అధికారులు లోపలున్న ఆడవాళ్ళను ఒక్కొక్కరినీ విడిగా పిలిచి అడిగారు. ముందు ఎవరో చెప్పేశారు గనుక తామూ చెప్పవచ్చునన్న ధైర్యం వచ్చింది వాళ్ళకు. ఆ పేర్లు మిల్లువాళ్ళకు ఇవ్వబోమని అధికారులు మాట ఇచ్చాక కొందరు తమ పేర్లతోనే చెప్పారు. ఆ కొందరిలో ఒకరిగా తాయమ్మ కూడా వెళ్ళి చెప్పింది. ఫోనులో విన్న గొంతు, అధికారుల ముందు చెప్పిన గొంతు ఒకటేనా అని అడిగినవారూ లేరు, ఒకటేనని అన్నవారూ లేరు.

మేనేజరు కొన్నాళ్ళు ఆరా తీశాడు. ఆ ఆడియోను పదే పదే పెట్టి విన్నాడట. ఇయర్‌ఫోన్ పెట్టుకుని కూడా విన్నాడని కృపకు ఎవరో చెప్పారు. అది విన్న పూట హుస్నా అన్నం తినలేదని జహీరా బీ తర్వాత చెప్పింది. ఆయన ఎవరినో అనుమానించాడు, ఆమె కాదని తేలింది, వదిలేశాడు. బెల్టులన్నిటికీ కొత్త జాలీలు వచ్చాయి. లావణ్య ప్రమాదం మిల్లులో జరిగిందని రాతపూర్వకంగా ఒప్పుకున్నారు. ఆమెకు నష్టపరిహారం కొంత ఆలస్యంగానైనా వచ్చింది. చెయ్యి పూర్తిగా బాగు కాలేదు, బరువులు ఎత్తలేదు. ఇప్పుడు ఆదోనిలోనే ఒక బట్టల దుకాణంలో పని చేస్తోంది.

ఆ తర్వాత హుస్నా పని తీరు మారింది. ఏదీ ఒక్కతే విని వదలదు. కృప ఒకసారి, తను ఒకసారి, ఎడమ చెవికి, కుడి చెవికి, ఫోనులో, స్పీకరులో వింటారు. బీప్ ఎక్కడైనా తప్పనిసరి అయితే చెప్పిన మనిషిని ముందు అడుగుతుంది. వేరే ఊళ్ళ నుంచి ఇలాంటి పని నేర్చుకోవడానికి వచ్చే అమ్మాయిలకు మొదటి రోజే, "పేరు తీయడమంటే కత్తెర పని కాదు. ఆ పేరు ఇంకా యాడ యాడ దాక్కోనుందో ఎతకడం," అని చెబుతుంది. రసూల్ సాబ్ కూతురి ఆఫీసుకు ఒకసారి వచ్చి, తెర మీద గొంతు గీతల్ని చాలాసేపు చూసి, "దీంట్లో దుమ్ము లేదు గదా, బాగుంది," అని వెళ్ళిపోయాడు.

పత్తి మళ్ళీ మార్కెట్టుకు రావడం మొదలైంది. మేస్త్రీ తాయమ్మనూ పిలిచాడు, ఆమె చెల్లెలినీ పిలిచాడు. పనిలో చేరిన కొన్నాళ్ళకు ఒక మధ్యాహ్నం తాయమ్మ ఆఫీసు గుమ్మం దగ్గర కనబడింది. వెంట ఇంకొకామె ఉంది. తల మీద కొంగు కప్పుకుని, కాళ్ళ వైపు చూస్తూ నిలబడి ఉంది.

"లోపలికి రాండక్కా," అంది హుస్నా.

తాయమ్మ తన చెవి డాక్టరు దగ్గర చూపించుకున్న సంగతి చెప్పింది. చెవికి మిషను పెట్టుకుంటే కొంచెం వినపడొచ్చన్నారట. తర్వాత పక్కనున్న మనిషి భుజం మీద చెయ్యి వేసింది.

"ఈయమ్మ నూనె మిల్లులో సేస్తాది. సెప్పల్సింది ఉందంట. నేను ముందరే అంతా సెప్పినా, ఎట్ల సేస్తారో."

ఆమె తలెత్తి హుస్నాను చూసింది. "పేరు..." అని ఆగింది.

"ముందు మంచినీళ్ళు తాగు," అంది హుస్నా. "పేరు ఇప్పుడు నాకు కూడా సెప్పొద్దు."

ఆమె నవ్వింది. చెప్పులు విడిచి లోపలికి వచ్చింది.